డైరెక్ట్ ప్లానా, ఏజెంటు ద్వారా రెగ్యులర్ ప్లానా: కొత్తగా మ్యూచువల్ ఫండ్‌లో చేరేవాళ్లు అడిగే ప్రశ్నలు

విజయవాడ గవర్నర్‌పేటలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసే ఆఫీసులో పనిచేస్తాను. ఏటా జూన్, జూలై నెలల్లో జనం తమ మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్లు తెచ్చి నా టేబుల్ మీద పెడతారు. అందులో ఏముందో వాళ్లలో చాలామంది అప్పటిదాకా చదివి ఉండరు. వాళ్లు అడిగే ప్రశ్నలే ఇవి. ఏ ఫండ్ కొనాలో ఇందులో చెప్పడం లేదు. కొన్న ఫండ్‌కి ఎవరికి ఎంత కడుతున్నారో తెలుసుకోవడం గురించే ఇదంతా.

డైరెక్ట్, రెగ్యులర్ అంటే రెండు వేరే వేరే ఫండ్లా?

కాదు. ఫండ్ ఒకటే, మేనేజరు ఒకరే, కొనే షేర్లు కూడా అవే. ఆ ఫండ్‌లోకి వెళ్లే దారులు మాత్రం రెండు. ఏజెంటు, బ్యాంకు లాంటి మధ్యవర్తి ద్వారా వెళితే రెగ్యులర్ ప్లాన్. ఎవరూ లేకుండా మీరే నేరుగా ఫండ్ కంపెనీలో చేరితే డైరెక్ట్ ప్లాన్. మ్యూచువల్ ఫండ్లను నియంత్రించే సంస్థ సెబీ ఆదేశంతో 2013 జనవరి 1 నుంచి ప్రతి ఫండ్ కంపెనీ తన పథకాల్లో డైరెక్ట్ ప్లాన్ కూడా ఇస్తోంది. అంతకుముందు నేరుగా వెళ్లినా, ఏజెంటు ద్వారా వెళ్లినా ఏటా పడే ఖర్చు ఒకటే ఉండేది.

మా ఏజెంటు బాబాయి నా దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. మరి నాకు నష్టమేంటి?

ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. బాబాయి మీ చేతి నుంచి తీసుకోలేదన్నది నిజమే. ఆయనకు రావలసింది ఫండ్ కంపెనీ ఇస్తుంది. కంపెనీ దాన్ని మీ డబ్బులోంచే తీసి ఇస్తుంది.

గుంటూరు మిర్చి యార్డులో సరుకు అమ్మిన రైతుకు పట్టీ ఇస్తారు. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏ ధర, హమాలీకి ఎంత కోశారు అన్నీ అందులో రాసి ఉంటాయి. రైతు కోత చూసుకుని, ఎక్కువైందనిపిస్తే అక్కడే అడుగుతాడు. మ్యూచువల్ ఫండ్‌లో కోత అలా కనబడదు. ఫండ్ నడిపే ఖర్చు ఏడాదికి ఇంత శాతం అని ఒక లెక్క ఉంటుంది. దాన్ని ఎక్స్‌పెన్స్ రేషియో అంటారు. ఆ ఏడాది ఖర్చును రోజుల లెక్కన విడగొట్టి, ప్రతిరోజూ ఫండ్ ఆస్తిలోంచి తీసేసిన తర్వాతే ఆ రోజు ఎన్‌ఏవీ, అంటే ఒక యూనిట్ ధర, ప్రకటిస్తారు. మీకు కనబడేది కోత కోసేశాక మిగిలిన ధర. ఏజెంటు కమీషన్ రెగ్యులర్ ప్లాన్ ఎక్స్‌పెన్స్ రేషియోలోనే కలిసి ఉంటుంది. డైరెక్ట్ ప్లాన్‌లో ఆ కమీషన్ ఉండదు కాబట్టి ఖర్చు అంతమేర తక్కువ.

ఇంకో సంగతి. ఈ కమీషన్ చేరిన రోజున ఒక్కసారి ఇచ్చేసి వదిలేసేది కాదు. మీ డబ్బు ఆ ఫండ్‌లో ఉన్నంతకాలం, పెరిగిన విలువ మీద, ఏటా వెళుతూనే ఉంటుంది. ఏజెంటు మీకు మళ్లీ ఫోన్ చేసినా, చేయకపోయినా వెళుతుంది.

నాది ఏ ప్లానో ఎక్కడ చూడాలి?

పథకం పేరు చివర చూడండి. స్టేట్‌మెంట్‌లో గానీ యాప్‌లో గానీ `Direct Plan - Growth` అనో, `Regular Plan - Growth` అనో ఉంటుంది. కొన్నిచోట్ల `Dir`, `Reg` అని కుదించి రాస్తారు. ఏమీ రాయకుండా ఉత్త పేరే ఉంటే అది చాలావరకు రెగ్యులరే. పక్కనే అడ్వైజర్ లేదా బ్రోకర్ కోడ్ అన్నచోట `ARN` తో మొదలయ్యే నంబరు ఉంటే, ఆ నంబరు మీ ఏజెంటుది.

దీనికన్నా సూటిగా చూపించే కాగితం ఇంకొకటి ఉంది. మీ పాన్ మీద ఉన్న ఫండ్లన్నీ కలిపి ఒకే స్టేట్‌మెంట్‌గా మెయిల్‌కి వస్తుంటాయి. దాన్ని క్యాస్ అంటారు. సెప్టెంబరుతో, మార్చితో ముగిసే ఆరేసి నెలలకు వచ్చే క్యాస్‌లో, ఒక్కో పథకం మీద మీ పెట్టుబడికి ఏజెంటుకు ఎంత కమీషన్ ఇచ్చారో రూపాయల్లో రాసి ఉంటుంది. మొన్న భవానీపురం నుంచి వచ్చిన ఒక టీచరు గారికి ఆ వరుస చూపించాను. ఆమె పెట్టుబడి విలువ దాదాపు 4 లక్షలు, ఆ ఆరు నెలల కమీషన్ 1,600 రూపాయల చిల్లర. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి, "ఇది నాకు రావలసిందా అండీ?" అని అడిగారు. కాదమ్మా, మీ దాంట్లోంచి వెళ్లింది అని చెప్పాను. ఆరేళ్లుగా ఆ మెయిల్ ఆమెకు వస్తూనే ఉంది.

డైరెక్ట్ ప్లాన్ ఎన్‌ఏవీ ఎక్కువ ఉంది. అంటే అది ఖరీదైనదా?

కాదు. అక్కడ కోత తక్కువ కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ ధర ఎక్కువ పెరిగింది, అంతే. యూనిట్లు కొన్ని తక్కువ వస్తాయి గానీ, మీరు పెట్టిన డబ్బు ఎంత శాతం పెరిగిందన్నదే లెక్క. ఆ శాతం డైరెక్ట్‌లోనే ఎక్కువగా ఉంటుంది.

తేడా ఎంత ఉంటుంది? అర శాతం, ముప్పావు శాతం కోసం ఇంత టెన్షన్ అవసరమా?

ఫండ్ రకాన్ని బట్టి ఉంటుంది. లిక్విడ్ ఫండ్లలో, ఇండెక్స్ ఫండ్లలో తేడా సాధారణంగా చాలా చిన్నది. మేనేజరు షేర్లు ఏరి కొనే ఈక్విటీ ఫండ్లలో ఎక్కువగా అర శాతం నుంచి ఒక శాతం దాకా, కొన్నిటిలో ఇంకా పైకి కూడా ఉంటుంది. మీ ఫండ్‌కి ఎంతో తెలియాలంటే ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో టీఈఆర్, అంటే టోటల్ ఎక్స్‌పెన్స్ రేషియో, అన్న పేజీ చూడండి. రెండు ప్లాన్ల ఖర్చూ అందులో ఉంటుంది. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు 0.8 శాతం తేడా అనుకుని లెక్క వేద్దాం. నెలకు 5,000 చొప్పున 20 ఏళ్లు సిప్ కట్టారు. మొత్తం కట్టింది 12 లక్షలు. డైరెక్ట్‌లో ఏడాదికి 12 శాతం పెరిగితే చివరకు సుమారు 49 లక్షల 96 వేలు అవుతుంది. అదే ఫండ్ రెగ్యులర్‌లో 11.2 శాతమే పెరుగుతుంది కాబట్టి సుమారు 44 లక్షల 86 వేలు అవుతుంది. తేడా 5 లక్షల పైచిలుకు. 12 శాతం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, లెక్క కోసం అనుకున్నదే. మార్కెట్ పెరిగినా తగ్గినా కోత మాత్రం ఆగదు.

అదే మీరు పెట్టేది రెండేళ్లకో, మూడేళ్లకో అయితే తేడా కొన్ని వేలల్లో ఆగిపోతుంది. అందుకే నేను మొదట అడిగేది ఎంత పెడుతున్నారని కాదు, ఎన్నేళ్లు ఉంచుతారని.

నేను ఏజెంటు దగ్గరికి వెళ్లలేదు, బ్యాంకులోనే తీసుకున్నాను. అది డైరెక్టేనా?

కాదు, బ్యాంకు కూడా ఏజెంటే. బ్యాంకు కౌంటర్లో, బ్యాంకు యాప్‌లో అమ్మేది మామూలుగా రెగ్యులర్ ప్లానే. ఫోన్ యాప్‌లలో డైరెక్ట్ అమ్మేవీ ఉన్నాయి, రెగ్యులర్ అమ్మేవీ ఉన్నాయి. యాప్‌లో మీరే నొక్కి కొన్నారు కదా అని డైరెక్ట్ అనుకోకండి, పథకం పేరు చూడండి.

అయితే ఏజెంటు అక్కర్లేదంటారా?

అలా అనను. ఇందులో తొందరపడి మాట తూలడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఏజెంటు లేక నష్టపోయినవాళ్లనూ చూశాను.

మంచి ఏజెంటు ఏం చేస్తాడో చెబుతాను. 2020 మార్చిలో కరోనా భయంతో మార్కెట్ కుప్పకూలినప్పుడు మా ఆఫీసుకు వచ్చే ఇద్దరు అన్నదమ్ముల్లో చిన్నాయన తనే సొంతంగా ఫోన్‌లో డైరెక్ట్ నడుపుకునేవాడు. భయపడి అంతా అమ్మేశాడు. పెద్దాయనకు ఏజెంటు ఉన్నాడు. ఆ ఏజెంటు ఆయన ఇంటికి ఫోన్ చేసి, ఈ డబ్బు మీకు పదేళ్ల తర్వాత అమ్మాయి పెళ్లికి కదా, ఇప్పుడెందుకు తీయడం అని అరగంట మాట్లాడి సిప్ ఆగకుండా చూశాడు. పెద్దాయన కట్టిన కమీషన్ అంతా ఆ ఒక్క ఫోన్‌కాల్‌కే చెల్లిపోయిందని నేను నమ్ముతాను. అలాగే ఇంట్లో ఒకరు పోయినప్పుడు డెత్ సర్టిఫికెట్, నామినీ కేవైసీ పట్టుకుని ఒక్కో కంపెనీకి ఫారాలు నింపి యూనిట్లు భార్య పేరు మీదకు మార్పించే పని చిన్నది కాదు. ఆ సమయంలో తోడు నిలబడే మనిషి విలువ వేరు.

కాబట్టి మీ ఏజెంటును మీరే తూచి చూడండి. గత ఏడాదిలో మీ ఫండ్లు ఎలా ఉన్నాయో ఒక్కసారైనా కూర్చుని చెప్పాడా? బ్యాంకు ఖాతా మారినప్పుడు, నామినీ పెట్టాల్సి వచ్చినప్పుడు పని చేసిపెట్టాడా? కొత్త ఫండ్ వచ్చినప్పుడల్లా పాతది అమ్మించి దాంట్లో చేరమంటున్నాడా? మొదటి రెండిటికీ అవును, మూడోదానికి కాదు అన్న జవాబు వస్తే, క్యాస్‌లో కనబడిన ఆ కమీషన్ ఆయన కష్టానికి ఇచ్చే కూలీ. తెలిసి ఇవ్వండి, తప్పేమీ లేదు. సంతకం పెట్టించుకున్న రోజు తర్వాత ఆయన ముఖమే చూడలేదంటే, మీరు ఏ పనికి డబ్బు కడుతున్నట్టు?

డైరెక్ట్‌గా మొదలుపెట్టాలంటే ఏం చేయాలి?

పాన్, ఆధార్, మీ పేరు మీద బ్యాంకు ఖాతా, ఆధార్‌కు కలిపిన మొబైల్ నంబరు ఉంటే చాలు. ఫండ్ కంపెనీ వెబ్‌సైట్‌లో నేరుగా కేవైసీ చేసుకుని, పథకం ఎంచుకునేటప్పుడు డైరెక్ట్ అన్నది నొక్కి, నామినీ పేరు ఇచ్చి, నెలనెలా ఖాతాలోంచి డబ్బు వెళ్లేలా ఆటోపే పెట్టుకోవాలి. రెండు మూడు కంపెనీల ఫండ్లు ఒకేచోట చూసుకోవాలంటే mfcentral.com ఉంది. ఫండ్ కంపెనీల రికార్డులు నడిపే కామ్స్, కేఫిన్‌టెక్ సంస్థలు కలిసి దాన్ని నడుపుతున్నాయి.

ఫోన్‌లో చేయడం భయమనిపిస్తే కాగితం మీద కూడా చేయొచ్చు. కామ్స్‌కు, కేఫిన్‌టెక్‌కు విజయవాడలోనూ గుంటూరులోనూ సేవా కేంద్రాలు ఉన్నాయి. ఫారంలో పైన `ARN` అని రాసి ఉన్న గడిలో `DIRECT` అని మీ చేత్తో రాయండి, పథకం పేరు పక్కన కూడా డైరెక్ట్ అని రాయండి. ఆ గడి ఖాళీగా వదిలిన ఫారం ఎవరి చేతికీ ఇవ్వకండి. తర్వాత ఎవరైనా తమ కోడ్ వేసేసి, పథకం పేరు దగ్గర డైరెక్ట్ అని లేకపోతే, అది రెగ్యులర్ కింద నమోదవుతుంది. చెక్కు ఎప్పుడూ ఫండ్ పేరు మీదే రాయాలి, మనిషి పేరు మీద కాదు.

ఇప్పటికే మూడేళ్లుగా రెగ్యులర్‌లో ఉన్నాను. మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, కానీ ఒక్క నొక్కుతో అంతా మార్చేయకండి. రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు స్విచ్ అంటే లెక్క ప్రకారం పాత యూనిట్లు అమ్మి కొత్తవి కొనడమే. అమ్మినట్టే కాబట్టి ఎగ్జిట్ లోడ్, అంటే గడువు కన్నా ముందు తీసినందుకు కోసే రుసుము, పడొచ్చు, లాభం మీద పన్ను కూడా పడొచ్చు.

ముందు చేయాల్సింది తేలిక. పాత సిప్ ఆపేసి, అదే మొత్తానికి డైరెక్ట్‌లో కొత్త సిప్ మొదలుపెట్టండి. దీనికి పన్నూ లేదు, లోడూ లేదు. తర్వాతి వాయిదా తేదీకి పది రోజుల ముందే ఆపమని పెడితే ఒకే నెలలో రెండూ కట్ అవడం ఉండదు.

ఇక పాత యూనిట్లు. ఒక లెక్క చూపిస్తాను. నెలకు 5,000 చొప్పున 36 నెలలు, ఈక్విటీ ఫండ్. కట్టింది 1,80,000. ఇప్పటి విలువ 2,16,000 అనుకోండి. సిప్‌లో ప్రతి వాయిదాకూ వయసు విడిగా లెక్కేస్తారు, ఇది చాలామందికి తెలియదు. మొదటి 24 వాయిదాలు ఏడాది దాటాయి. వాటి విలువ 1,51,500, అందులో లాభం 31,500. ఈక్విటీ ఫండ్లలో ఏడాది దాటిన లాభాన్ని దీర్ఘకాలిక లాభం అంటారు. ఒక ఆర్థిక సంవత్సరంలో 1,25,000 దాకా దాని మీద పన్ను లేదు, ఆపైన దానికే 12.5 శాతం. వేరే షేర్లు, ఫండ్లు ఏమీ అమ్మకపోతే ఈయనకు పన్ను సున్నా. చాలా ఈక్విటీ ఫండ్లలో ఏడాది దాటితే ఎగ్జిట్ లోడ్ కూడా ఉండదు. స్టాంప్ డ్యూటీ లాంటివి కలిపినా పది రూపాయల లోపే. 0.8 శాతం తేడా ఉంటే, ఈ యూనిట్లు మార్చినందుకు ఏడాదికి 1,200 రూపాయలు మిగులుతాయి. వీటిని ఇప్పుడే మార్చేయొచ్చు.

చివరి 12 వాయిదాల సంగతి వేరు. విలువ 64,500, లాభం 4,500. ఏడాదిలోపు తీస్తే ఒక శాతం ఎగ్జిట్ లోడ్ ఉందనుకుంటే 645 పోతుంది. ఏడాది నిండని లాభం మీద 20 శాతం పన్ను, దాని మీద సెస్సు, కలిపి ఇంకో 800. మొత్తం 1,450 దాకా. ఏడాదిపాటు రెగ్యులర్‌లోనే ఉంచితే అయ్యే అదనపు ఖర్చు 500 మాత్రమే. కాబట్టి వాటిని కదపకండి. పన్నెండు నెలలు ఆగి, అన్నీ ఏడాది దాటాక ఒకేసారి మార్చండి.

స్విచ్ ఫారంలో అన్ని యూనిట్లూ అని కాకుండా ఎన్ని యూనిట్లో అంకె రాయాలి. ముందు కొన్న యూనిట్లే ముందు పోయినట్టు లెక్కేస్తారు కాబట్టి పాతవే మారతాయి. మీ ఫండ్ ఎగ్జిట్ లోడ్ నిబంధన ఒక్కసారి చూసుకుని అంకె వేయండి, ఫండ్‌ను బట్టి గడువు మారుతుంది.

పన్ను ఆదా కోసం ఈఎల్‌ఎస్‌ఎస్‌లో పెట్టాను. అది కూడా మారుతుందా?

మూడేళ్లు నిండేదాకా మారదు. ఇక్కడ కూడా ప్రతి వాయిదాకూ విడిగా మూడేళ్లు. నిండినవాటిని తీసి అదే ఈఎల్‌ఎస్‌ఎస్ డైరెక్ట్‌లో పెడితే మళ్లీ కొత్తగా మూడేళ్ల తాళం పడుతుందని గుర్తుంచుకోండి.

ఏజెంటు కోడ్ తీసేయించుకుంటే డైరెక్ట్ అయిపోతుందా?

అవదు. ఏజెంటు పని మానేసినా, కోడ్ తీసేసినా యూనిట్లు రెగ్యులర్‌లోనే ఉంటాయి, ఖర్చూ అదే ఉంటుంది. స్విచ్ చేస్తేనే మారుతుంది.

ఫోలియోలో, అంటే ఫండ్ కంపెనీ దగ్గరి నా ఖాతాలో, నా ఫోన్ నంబరే ఉందో లేదో కూడా చూడాలా?

అన్నిటికన్నా ముందు అదే చూడండి. మా నాన్నగారి విషయంలో ఇదే జరిగింది. ఆయనకు మెయిల్ లేదని ఫారం నింపిన ఏజెంటు తన మెయిల్, తన ఫోన్ నంబరు రాసేశాడు. మోసం ఉద్దేశం ఏమీ లేదు, పని తేలికవుతుందని రాశాడు. కానీ నాన్నగారికి ఆపరేషన్ వచ్చి డబ్బు తీయాల్సి వచ్చినప్పుడు ఓటీపీ ఏజెంటు ఫోన్‌కి వెళ్లింది. ఆయన అప్పుడు తిరుపతి కొండ మీద ఉన్నాడు, ఫోన్ కలవలేదు. ఆసుపత్రి వరండాలో నిలబడి ఆ సాయంత్రమంతా ఆయన నంబరు కొడుతూనే ఉన్నాను. తర్వాత నాన్నగారిని సేవా కేంద్రానికి తీసుకెళ్లి, గుర్తింపు కార్డు చూపించి, ఫారం మీద సంతకం పెట్టించి మా నంబరు, మా మెయిల్ ఎక్కించుకున్నాం. ఆ తర్వాతే ఆయన క్యాస్ మొట్టమొదటిసారి మా చేతికి వచ్చింది.

సలహా కావాలి గానీ కమీషన్ ఇష్టం లేదు. దారి ఉందా?

ఉంది. సెబీ దగ్గర నమోదైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లు మీ దగ్గర ఫీజు తీసుకుని సలహా ఇస్తారు, మీరు డైరెక్ట్‌లో పెట్టుకుంటారు. ఆ సలహా ఇచ్చిన ఫండ్ల మీద వాళ్లు కమీషన్ తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. నెలకు రెండు వేలు కట్టేవాళ్లకు ఆ ఫీజు బరువే అవుతుంది. పెట్టుబడి కొన్ని లక్షలు దాటినప్పుడు ఆలోచించొచ్చు.

ఏజెంటు మా మేనమామ. మార్చుకుంటానంటే బాధపడతాడేమో?

మన ఊళ్లలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. చాలామంది లెక్క అర్థమయ్యాక కూడా ఇక్కడే ఆగిపోతారు. చాటుగా మాత్రం చేయకండి. స్విచ్ పడిన రోజే ఆయనకు తెలిసిపోతుంది, ఆ తెలియడం వేరేగా ఉంటుంది. క్యాస్ పట్టుకుని వెళ్లి, "మామయ్యా, కొత్త సిప్ ఇకనుంచి నేనే ఫోన్‌లో కట్టుకుంటాను. పాతవి మీ దగ్గరే ఉండనీ, ఏడాదికోసారి కూర్చుని చూసిపెట్టండి" అని చెప్పినవాళ్లు మా ఆఫీసులోనే ముగ్గురున్నారు. ఇద్దరి మామయ్యలు సరేనన్నారు. మూడో ఆయన, "నాకెంత వస్తుందో నువ్వు చూశావా, నేనే ఎప్పుడూ చెప్పలేదు కదరా" అని నొచ్చుకున్నాడట. ఆ ఆదివారమే మేనల్లుడి ఇంటికి వచ్చి, మూడేళ్లలో మొదటిసారి, అతని ఫండ్లన్నీ ఒక్కొక్కటిగా తీసి వివరించాడు. ఆ కుర్రాడు పాత యూనిట్లు ఇప్పటికీ రెగ్యులర్‌లోనే ఉంచాడు.